షుగర్ ఉన్నవాళ్లకు భుజం బిగుసుకుపోతే ఎన్నాళ్లు పడుతుంది?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. నాలుగు నెలల నుంచి ఎడమ భుజం నొప్పి. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేను, చెయ్యి వెనక్కి పోవట్లేదు. ఎక్స్‌రే మామూలుగానే ఉందన్నారు. మందుల షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర రోజూ రెండు పూటలా వేసుకుంటున్నాను. ఇంజెక్షన్ చేయించుకుంటే వెంటనే తగ్గిపోతుందా?

జవాబు: ఇంజెక్షన్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు ఆపండి. పేరు రాయలేదు గానీ షాపుల్లో ఇచ్చేవి ఎక్కువగా కిడ్నీల మీద భారం వేసే రకాలే, ఎనిమిదేళ్ల షుగర్‌తో వాటిని నెలల తరబడి మింగడం ఏమిటండీ? బీపీ మందులు కూడా వాడుతుంటే ఇంకా ప్రమాదం. క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించి, నొప్పికి ఏం వాడాలో మీ డాక్టర్‌నే అడగండి.

మీరు చెప్పినదాన్ని బట్టి ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు, చూడకుండా ఖాయంగా చెప్పలేను. మోచేతిని నడుముకు ఆనించి మడిచి, ముంజేతిని ఇంకొకరి చేత మెల్లగా బయటికి తిప్పించండి. వాళ్లు తిప్పినా కదలకపోతే అనుమానం బలపడుతుంది. కండరం తెగితే మనం ఎత్తలేం గానీ వేరేవాళ్లు ఎత్తితే చెయ్యి సాధారణంగా లేస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్‌లో కీలు చుట్టూ ఉండే పొరే మందమై ముడుచుకుపోతుంది, అది ఎక్స్‌రేలో కనపడదు.

రాత్రి నొప్పి ఇంత ఉందంటే మీరింకా మొదటి దశలోనే ఉన్నట్టు. ఇది 2 నుంచి 9 నెలలు ఉండొచ్చు. ఈ దశలో ఎవరో చెప్పారని చెయ్యి బలవంతంగా వంచితే నొప్పి ఎక్కువవుతుంది, ముందుకు వంగి చేతిని వేలాడదీసి మెల్లగా ఊపితే చాలు. తర్వాత నొప్పి తగ్గుతుంది గానీ బిగుతు 4 నుంచి 12 నెలలు అలాగే ఉంటుంది, చాలామంది ఫిజియోథెరపీ మానేసేది సరిగ్గా అప్పుడే, సాగదీసే వ్యాయామాలు అసలు అవసరమైందీ అప్పుడే. చివరి దశలో కదలిక కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది, దానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు, కొంత బిగుతు మిగిలిపోవచ్చు, రెండో భుజానికి కూడా రావచ్చు.

కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఈ మొదటి దశలోనే బాగా పనిచేస్తుంది, అదీ నొప్పికి, కొన్ని వారాలపాటు. బిగుతు వెంటనే పోదు. షుగర్ మాత్రం కొన్ని రోజులు పెరుగుతుంది, వారం దాకా కూడా ఉండొచ్చు, కాబట్టి ముందే హెచ్‌బీఏ1సీ చూపించుకుని, ఇంజెక్షన్ అయ్యాక రోజూ ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఇన్సులిన్ తీసుకుంటుంటే డోసు సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఇంకొకటి, ఎడమ భుజం అన్నారు కాబట్టి చెప్తున్నా. చెయ్యి కదపకపోయినా, నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో నొప్పి వచ్చి, ఆయాసమో చెమటలో తోడైతే దాన్ని భుజం ఖాతాలో వేయకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి ఈసీజీ తీయించండి.