తొందరేం లేదు, మెల్లగా రా

అమ్మా,

నువ్వు పంపిన కథ బాగుంది, అందులో అనుమానం లేదు. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్ రోడ్డులో ఆఫీసు, వెస్ట్ మాంబళంలో కాపురం, టైడల్ పార్క్ దగ్గర ఇరుక్కుపోయిన క్యాబ్‌లోంచి కోడలు ఫోన్ చేయడం, అత్తగారు ‘తొందరేం లేదు, మెల్లగా రా’ అనడం, ఇదంతా కళ్ళకు కట్టింది. కానీ ఆ మాట పక్కన ‘అని వ్యంగ్యంగా అంది’ అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మూడు పేజీల తర్వాత అదే మాట మామగారు అంటాడు, ‘అని ప్రేమగా అన్నాడు’. చివర్లో మొగుడు అంటాడు, ‘అని కోపంగా అన్నాడు’. ఒకే వాక్యాన్ని ముగ్గురి నోట పెట్టడం మంచి ఆలోచనే, దాన్ని చెడగొట్టింది ఆ మూడు ‘గా’లు.

నేను ఇన్నేళ్ళూ వడపళని చుట్టుపక్కల డబ్బింగ్ థియేటర్లలో తమిళ సినిమాలకీ సీరియళ్ళకీ తెలుగు మాటలు రాసి బతికినవాణ్ణి. అక్కడ నా పేపర్ మీద ‘తొందరేం లేదు, మెల్లగా రా’ అని ఉంటే చాలు, మిగతాది మైకు ముందు నిలబడ్డ ఆర్టిస్టు చూసుకుంటుంది. నీకా సౌకర్యం లేదు. అందుకని ఆ అమ్మాయి గొంతుతో ఏం చేస్తుందో ముందు తెలుసుకో, దాన్ని కాగితం మీదికి ఎలా తెచ్చుకోవాలో తర్వాత చూద్దాం.

ప్రేమగా అనాల్సి వస్తే మా ఆర్టిస్టులు చేసే మొదటి పని నవ్వు మొహం పెట్టడం. చీకటి బూత్‌లో వాళ్ళ మొహం ఎవరూ చూడరు, అయినా పెదాలు సాగదీసి నవ్వుతారు, ఇది మూడ్ కోసం మాత్రమే చేసేది కాదు. పెదాలు వెనక్కి సాగితే గొంతు నుంచి నోటి చివరిదాకా ఉన్న దారి కాస్త పొట్టిదవుతుంది, అప్పుడు అదే గొంతు తేలిగ్గా, విచ్చుకున్నట్టు పలుకుతుంది. ఫోన్లో అవతలివాళ్ళు నవ్వుతూ మాట్లాడుతున్నారని చూడకుండానే మనకు తెలిసేది కూడా అందుకే. ఇక మాట మెత్తగా మొదలవుతుంది, ‘మెల్లగా’ మీద కొంచెం పైకి లేచి ‘రా’ దగ్గర నిదానంగా దిగుతుంది, దిగాక టక్కున తెగిపోదు.

కోపం రెండు రకాలు, కొత్తగా రాసేవాళ్ళు ఒకటే రాస్తారు. మొదటిది అరుపు. స్థాయి పెరుగుతుంది, శబ్దం పెరుగుతుంది, మాట పరుగెత్తుతుంది, ‘తొందర’లో త రాయి విసిరినట్టు పడుతుంది. సౌండ్ ఇంజనీరు ముందే ‘ఒక అడుగు వెనక్కి జరుగమ్మా’ అంటాడు, లేకపోతే రికార్డింగ్ పగిలిపోతుంది. రెండోది చల్లటి కోపం. ఇందులో గొంతు కిందికి దిగిపోతుంది, దవడ బిగుస్తుంది, ఎత్తుపల్లాలు పోయి మాటంతా ఒకే గీత మీద నడుస్తుంది, పదానికీ పదానికీ మధ్య సందు వస్తుంది. దీనికి ఆర్టిస్టు మైకుకి దగ్గరగా జరగాలి. అరిచిన కోపం పక్కింటివాళ్ళక్కూడా అర్థమవుతుంది, ఈ రెండోది మాత్రం ఆ మనిషితో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది. నీ కథలో మొగుడిది ఈ రెండోదే, నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసింది.

ఇదేం కొత్త విషయం కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు గొంతు పలికే చోట్లు మూడని చెప్పాడు, రొమ్ము, కంఠం, శిరస్సు. పలికే తీరులు ఆరు, ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం. పోట్లాటకీ కోపానికీ దీప్తం, అంటే శిరస్సు నుంచి బాగా పైకి లేచే స్వరం. బెంగకీ నీరసానికీ మంద్రం, రొమ్ములోంచి వచ్చేది. నటులకు ఇలా లెక్క కట్టి చెప్పొచ్చు, మన డబ్బింగ్ థియేటర్‌లో కూడా సగం పని ఈ లెక్కతోనే నడుస్తుంది.

వ్యంగ్యం మాత్రం ఏ లెక్కకూ లొంగదు. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ చియాంగ్, మార్క్ పెల్ 2008లో ఇంగ్లీషువాళ్ళు వెటకారంగా అన్న మాటల్ని కొలిచి చూస్తే మామూలు కన్నా స్వరం కిందికి దిగింది. మరుసటి ఏడు కాంటనీస్ మాట్లాడేవాళ్ళని కొలిస్తే పైకి లేచింది. అంటే వ్యంగ్యానికంటూ అన్ని భాషల్లోనూ పనికొచ్చే స్వరం లేదు. ఆ మనిషి మామూలుగా ఎలా మాట్లాడుతుందో దానికి భిన్నంగా వినపడాలి, అంతే. మనవాళ్ళు ఎక్కువగా అచ్చును సాగదీస్తారు, ‘తొందరేం’లో రే మీద ఒక మజిలీ వేసి మరీ బయల్దేరుతారు, లేదా అవసరానికి మించిన తీపి పోస్తారు. రోజూ సాగదీసి మాట్లాడే మనిషి సాగదీస్తే అది వ్యంగ్యం కాదు, అలవాటు. కోపం సంగతీ అంతే. మా నెల్లూరువాళ్ళు కూరగాయల బేరం ఆడుతుంటే కొత్తగా విన్నవాళ్ళు పోట్లాట అనుకుంటారు, నిజంగా పోట్లాడుకునేటప్పుడు ఎలా ఉంటుందో వాళ్ళు విననే లేదు.

ఇప్పుడు నువ్వో పని చెయ్యి. ఆ మాటని మూడు రకాలుగా అని ఫోన్లో రికార్డు చేసుకో. తర్వాత నోరు మూసుకుని, పదాలు లేకుండా ‘ఊఁ ఊఁ’ అంటూ అదే రాగం మూడుసార్లు పలికి, ఇంట్లో ఎవరికైనా వినిపించి ఏది ఏదో చెప్పమను. స్వరం గీతలా కంటికి కనపడాలంటే Praat అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వేసి చూసుకో. ప్రేమనీ అరుపునీ ఊఁలోనే పట్టేస్తారు. వ్యంగ్యం దగ్గర తికమకపడతారు, కొందరు దాన్ని లాలిస్తున్నట్టుందని కూడా అంటారు. ఎందుకంటే వ్యంగ్యంలో సగమే గొంతులో ఉంటుంది, మిగతా సగం అంతకుముందు ఏం జరిగిందన్న దాంట్లో ఉంటుంది. ఇంటికి త్వరగా వస్తానని పొద్దున మాటిచ్చి రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసిన కోడలితో ‘తొందరేం లేదు’ అంటేనే అది వెటకారం.

కాగితం మీద రాసేవాళ్ళకి ఆశ ఉన్నది ఆ రెండో సగంలోనే. అయితే ముందు ఒక మోసం గురించి చెప్పాలి. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ళ తోటివాళ్ళు కలిసి ఒక ప్రయోగం చేశారు. కొందరి చేత కొన్ని మాటలు మామూలుగా, కొన్ని వెటకారంగా పంపించారు, ఈమెయిల్‌లో ఒకసారి, గొంతుతో ఒకసారి. ఎలా పంపినా నూటికి 78 దాకా అవతలివాళ్ళు సరిగ్గానే పట్టుకుంటారని పంపినవాళ్ళు అనుకున్నారు. గొంతుతో విన్నవాళ్ళు ఇంచుమించు మూడొంతులు పట్టుకున్నారు. ఈమెయిల్ చదివినవాళ్ళు 56 మాత్రమే, కళ్ళు మూసుకుని చెప్పినా యాభై వస్తుంది కదా. రాసేటప్పుడు ఆ మాట నీ చెవిలో నీ స్వరంతోనే మోగుతుంటుంది, కాబట్టి కాగితం మీద కూడా మోగుతోందని అనుకుంటావు. చదివేవాడి చెవిలో మోగేది వాడి స్వరం. నువ్వు ‘వ్యంగ్యంగా’ అని తగిలించింది ఆ అనుమానం వచ్చే, అది నాకు అర్థమైంది. కానీ పాఠకుడు మాట చదివేశాక వచ్చే ‘వ్యంగ్యంగా’ వల్ల వెనక్కి వెళ్ళి ఇంకోసారి వినాలి, అప్పటికే మొదటిసారి తప్పుగా వినేశాడు.

మరేం చెయ్యాలి? నీ కథే తీసుకుందాం. అత్తగారు కోడల్ని మొదటి పేజీ నుంచి ‘రా, పో’ అనే అంటోంది. మామగారికి ఎనిమిదింటికి మాత్రలు వెయ్యడం కోడలి పనని రెండో పేజీలో నువ్వే రాశావు. ఈ రెండూ చేతిలో పెట్టుకుని వేరే ‘గా’ ఎందుకమ్మా?

‘ఇంకో గంట పట్టేలా ఉందత్తయ్యా.’

‘తొందరేం లేదు, మెల్లగా రండి. మీ మామగారి మాత్రలు నేను వేసేశాన్లే.’

‘రా’ అనే మనిషి ‘రండి’ అనేసరికి గొంతు ఎలా మారిందో పాఠకుడే విన్నాడు. అక్కర్లేని మర్యాద మన ఇళ్ళల్లో ఎంత పెద్ద చురకో తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా, ‘మేడమ్ గారు దయచేశారా’ అంటే గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోతాయి. ఆ పైన మాత్రల మాట కూడా పడింది. మామగారి దగ్గరికొస్తే వాక్యం అలాగే ఉంచు, ఒక్క అక్షరం మార్చకు.

‘తొందరేం లేదు, మెల్లగా రా. గేటు నేను తీస్తాలే, ఎలాగూ మ్యాచ్ చూస్తున్నా.’

క్రికెట్ అంటే గిట్టని మనిషి అని ముందెక్కడో ఒక ముక్క పడేస్తే చాలు, ప్రేమ ఎంతుందో తెలిసిపోతుంది. ఒకటి గమనించు, అత్తగారి ‘లే’ పొడుస్తుంది, మామగారి ‘లే’ ఓదారుస్తుంది. కాబట్టి ‘లే’, ‘గా’, ‘మరి’, ‘పాపం’ లాంటి తోకలు తగిలిస్తే స్వరం దానంతటదే వచ్చేస్తుందని అనుకోకు. వాటికీ పక్కన ఒక పనో, ఒక సంగతో ఉండాలి.

చుక్కలూ ఆశ్చర్యార్థకాలూ తగ్గించు. నీ కథలో ప్రతి పేజీలోనూ గుంపులుగా ఉన్నాయి, మూడేసి ఆశ్చర్యార్థకాలు పెట్టిన చోట నాకు కోపం వినపడలేదు, నువ్వు కంగారుపడ్డట్టు వినపడింది. అచ్చు సాగదీసి ‘తొందరేఏఏం’ అని రాయడం కథ మొత్తంలో ఒక్కసారి సరదాగా ఉంటుంది, రెండోసారి చాటింగ్‌లా ఉంటుంది.

ఇక మొగుడు. ఆయనది చల్లటి కోపం అన్నాను కదా, దాన్ని గొంతు వర్ణించి చూపించలేవు, ఎందుకంటే అక్కడ గొంతులో ఏమీ ఉండదు. అతను మామూలుగా చేసే పని ఒకటి మానేస్తే చాలు. ఫోన్ ఎత్తగానే ‘తిన్నావా’ అని అడగడం అతని అలవాటని నువ్వు మొదట్లో రాశావు, ఆ రాత్రి అడగనివ్వకు. ఆమె ట్రాఫిక్ గురించి చెబుతుంటే మధ్యలో అడ్డురానివ్వకు కూడా, మొత్తం విననీ. విన్నాక కామా తీసేసి చుక్క పెట్టు: ‘తొందరేం లేదు. మెల్లగా రా.’

ఆ తర్వాత నువ్వు రాసిన ‘ఆ మాటలోని కోపం ఆమె గుండెను తాకింది’ అన్న వాక్యం కొట్టెయ్. అది నిజంగా కోపమో, అలసటో, మామూలుగానే అన్నాడో ఆ క్షణంలో ఆమెకీ తెలియదు. సైదాపేట దాటేదాకా క్యాబ్‌లో కూర్చుని ఆ నాలుగు మాటల్నీ ఒక్కో రకంగా అనుకుని చూసుకోనీ. అత్తగారి గొంతుతో ఒకసారి, మామగారి గొంతుతో ఒకసారి. తలుపు ఎవరు తీశారన్నది నువ్వు ఇప్పుడు రాసినట్టే ఉంచెయ్, అది బాగుంది.

ఇట్లు,
మీ మాస్టారు