మెతుకు పట్టుకుంటే మెటిక్యులస్ దొరుకుతుంది

ప్రశ్న: బెంగళూరులో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. జీఆర్‌ఈ కోసం రోజుకు 30 ఇంగ్లిష్ పదాలు చదువుతున్నాను. వారం తిరిగేసరికి యాంబిగ్యువస్, మెటిక్యులస్ లాంటివి కూడా మర్చిపోతున్నాను. ఎక్కువ కాలం గుర్తుండాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు 30ని 10కి తగ్గించండి. ఎందుకో లెక్కతో సహా తర్వాత చెబుతాను.

కొత్త పదం శబ్దానికి దగ్గరగా ఉండే తెలుగు మాటను వెతికి, ఆ మాటా అసలు అర్థమూ కలిసి కనిపించే ఒక బొమ్మ ఊహించుకోవాలి. దీన్ని కీవర్డ్ పద్ధతి అంటారు. మెటిక్యులస్ అంటే చిన్న విషయాన్ని కూడా వదలకుండా అతి జాగ్రత్తగా చేసే తీరు. దగ్గరి మాట మెతుకు. ఒకాయన విస్తరి ముందు కూర్చుని ఒక్కో మెతుకూ ఎత్తి, వెలుతురులో తిప్పి చూసి, బాగుంటేనే పక్కన పెడుతున్నాడు. ఈ బొమ్మలో శబ్దం ఉంది, అర్థమూ ఉంది. అదే మెట్లు అనే మాట పెట్టుకుంటే శబ్దం ఇంకా బాగా కలుస్తుంది కానీ, పరీక్షలో మెట్లు గుర్తొచ్చి అక్కడే ఆగిపోతారు. మెట్లెక్కడంలో జాగ్రత్త అన్న అర్థం లేదు కదా. చాలామంది చిట్కాలు పాడయ్యేది ఇక్కడే.

యాంబిగ్యువస్‌కి అంబలి, గంజి రెండూ వాడండి. గ్లాసులో ఏదో తెల్లగా, పల్చగా ఉంది. అంబలా, గంజా? రెండూ కావచ్చు, తేల్చలేం. ఒకటి కంటే ఎక్కువ అర్థాలు వచ్చి, ఏదో తేలని మాటనే యాంబిగ్యువస్ అంటారు. అంబలి కన్నడంలోనూ అంబలే కాబట్టి మీ రూమ్మేట్‌కీ ఈ బొమ్మ పనికొస్తుంది. అయితే కీవర్డ్ వెతికే ముందు డిక్షనరీలో ఉచ్చారణ ఒకసారి వినండి. లేకపోతే మెతుకులోని ‘త’ నోట్లో ఉండిపోతుంది. స్పెల్లింగ్‌కి ఈ పద్ధతి సాయపడదు, అది రాసే నేర్చుకోవాలి.

ఇక బొమ్మ ఒక్కటీ ఎంతకాలం నిలుస్తుంది? 1975లో మనస్తత్వ శాస్త్రవేత్త అట్కిన్సన్, ఆయన సహచరుడు 120 రష్యన్ పదాలతో ఈ పద్ధతిని పరీక్షించారు. మర్నాడు కీవర్డ్ వాడినవారికి 72 శాతం, వాడనివారికి 46 శాతం గుర్తున్నాయి. ఆరు వారాల తర్వాత చూస్తే 43, 28. కీవర్డ్ వాడినవాళ్లే ముందున్నారు, కానీ వాళ్లూ చాలానే జారవిడుచుకున్నారు. కాబట్టి బొమ్మకు తోడు వాయిదాల్లో తిరిగి గుర్తుచేసుకోవడం తప్పదు.

ఒక్కో పదానికి ఒక కార్డు రాయండి. ముందువైపు పదం, వెనక తెలుగు అర్థం, కీవర్డ్, మీ సొంత వాక్యం. ఆ రాత్రి ఒకసారి, తర్వాత 1, 3, 7, 16, 35వ రోజుల్లో చూసుకోండి. చూసుకోవడమంటే చదవడం కాదు, వెనక్కి తిప్పకముందే అర్థం పైకి చెప్పడం. ఐదు సెకన్లలో రాకపోతే ఆ కార్డు మళ్లీ మొదటి రోజుకి వెళ్తుంది.

ఇప్పుడు లెక్క. ఒక్కో పదాన్ని ఆరుసార్లు చూడాలి కాబట్టి, రోజుకు 10 కొత్త పదాలైతే ఐదు వారాలు దాటాక రోజుకు దాదాపు 60 కార్డులు. కార్డుకు 10 సెకన్లనుకుంటే పది నిమిషాల పని. 30 పదాలైతే 180 కార్డులు, తప్పినవి వేరే. కాలేజీ రోజుల్లో అది సాగదు, రెండు రోజులు వదిలేస్తే గుట్ట పేరుకుపోతుంది.

సొంత వాక్యం మీ చుట్టూ ఉన్న జీవితంలోంచి రావాలి. అద్దె ఒప్పందంలో ‘ఖర్చులు పోను డిపాజిట్ ఇస్తాం’ అని మాత్రమే ఉంటే, పెయింటింగ్ ఖర్చు అందులో వస్తుందో రాదో తెలియదు: ఆ షరతు యాంబిగ్యువస్. ఇంట్లో చేరిన రోజే గోడ మీది ప్రతి గీతనూ తేదీతో ఫోటో తీసుకున్న అద్దెదారు మెటిక్యులస్. ఈ రెండూ రాశాక యాంబివాలెంట్‌తో తికమక కూడా పోతుంది. షరతు యాంబిగ్యువస్. ఆ ఇల్లు తీసుకోవాలా వద్దా అని రెండు వైపులా లాగే మనసు యాంబివాలెంట్. రెండింట్లోనూ ఉన్న ‘యాంబి’ లాటిన్‌లో రెండు వైపులా అనే అర్థమిచ్చేదే. ఇలా మూలం కలిసే చోట కీవర్డ్ కంటే మూలమే మేలు, ఒక్కటి పట్టుకుంటే నాలుగు పదాలు వస్తాయి.

జీఆర్‌ఈ సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు మాటల్లోంచి ఒకే భావమిచ్చే రెండింటిని ఎంచాలి. అందుకే 16వ రోజుకి మెటిక్యులస్ కార్డు మీద పెయిన్‌స్టేకింగ్, యాంబిగ్యువస్ కార్డు మీద ఈక్వివోకల్ చేర్చండి. 35వ రోజున మెతుకూ అంబలీ తలుచుకోకుండా అర్థం చెప్పి చూడండి. వెంటనే వస్తే ఆ కార్డుమీది కీవర్డ్ కొట్టేయవచ్చు.