ముద్ద పొడిబారితే నెయ్యి డబ్బా మూత పెట్టేయండి

"కాజూ కత్లీ చేసినప్పుడల్లా ముద్ద ఒకసారి చేతికి బంకలా అంటుకుంటోంది, ఇంకోసారి పొడిపొడిగా రాలిపోతోంది. ఎంతసేపు పిసికితే సరిగ్గా వస్తుంది?"

ఎంతసేపు పిసికినా లాభం లేదండీ. ముద్ద మెత్తదనం పొయ్యి మీదే తేలిపోతుంది. పిసకడం వల్ల వచ్చేది నునుపు మాత్రమే, దానికి రెండు మూడు నిమిషాలు చాలు.

పోయిన దీపావళికి మా తోడికోడలు నన్ను వంటింట్లోకి పిలిచింది. పళ్ళెంలో ముద్ద ఉంది, పైన నెయ్యి మెరుస్తోంది. కానీ అరచేత్తో అదిమితే అంచులన్నీ బీటలు వారుతున్నాయి. వేలితో గీరితే ఇసుకలా రాలుతోంది. "అక్కా, ఇప్పటికే మూడు చెంచాల నెయ్యి వేశాను. ఇంకో చెంచా వేయనా?" అంది.

"వద్దమ్మా, ఇక నెయ్యి ముట్టుకోకు. గోరువెచ్చని నీళ్ళు ఇవ్వు" అన్నాను.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ముద్ద పొడిబారిందంటే అందులో తడి తగ్గిందని అర్థం. పాకం ఎక్కువసేపు ఉడికి నీరు ఆవిరైపోతే, చల్లారేకొద్దీ చక్కెర మళ్ళీ పలుకు కడుతుంది. ఆ పలుకును నెయ్యి కరిగించలేదు, నీళ్ళే కరిగించాలి. అయినా జీడిపప్పులో దాదాపు సగం నూనే. దాని మీద ఇంకా నెయ్యి పోస్తే ముద్ద జిడ్డు కారుతుంది తప్ప ఒకదానికొకటి పట్టుకోదు. వీడియోల్లో "గట్టిపడితే కాస్త నెయ్యి వేసుకోండి" అని ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాట విని ఎంత జీడిపప్పు పాడవుతోందో తలచుకుంటే బాధేస్తుంది.

ఆ ముద్దను చిదిపి మళ్ళీ మూకుడులో వేశాను. రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, బాగా సన్న సెగ మీద గరిటెతో అదుముతూ తిప్పాను. మొదట చిత్తడిగా, ముక్కలు ముక్కలుగా ఉంది. కాసేపటికి చక్కెర కరిగి, అంతా ఒక్కటై గరిటె చుట్టూ చేరింది. అప్పుడు దించి, చేయి పట్టేంత వేడికి రాగానే పిసికితే అంచు ఎక్కడా పగల్లేదు. ముందు వేసిన నెయ్యి వల్ల బిళ్ళలు కొంచెం జిడ్డుగానే వచ్చాయి. దాన్ని మాత్రం వెనక్కి తీయలేం.

మొదటి నుంచీ చేసేవాళ్ళకు నా లెక్క ఇది: పావు కిలో జీడిపప్పుకు 150 గ్రాముల చక్కెర, సుమారు 75 మిల్లీలీటర్ల నీళ్ళు. కప్పులతో కొలవకండి. పొడిని వదులుగా పోస్తే ఒక కొలత, అదిమి పోస్తే ఇంకో కొలత వస్తుంది. పప్పును తూచాకే పొడి కొట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పప్పు అయితే గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పి, జల్లించండి. ఒకే బిగిన తిప్పితే వేడికి నూనె వదిలి పేస్టు అయిపోతుంది.

పాకం వేళ్ళ మధ్య ఒక్క తీగ సాగగానే సెగ తగ్గించి పొడి వేయండి. ముద్ద మూకుడు అంచులు వదలడం మొదలవగానే శనగగింజంత తీసి, ఊది, వేళ్ళ మధ్య ఉండ చేసి చూడండి. వేలికి అంటితే ఇంకో నిమిషం ఉంచాలి. నున్నటి ఉండ అయితే వెంటనే దించేయాలి. ఆ క్షణంలో ముద్ద మీకు కావాల్సినదానికంటే కాస్త మెత్తగానే కనిపిస్తుంది, టెన్షన్ పడకండి. చల్లారితే గట్టిపడుతుంది. మూకుడులోనే గట్టిగా కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైంది. దించాక వేడి మూకుడులో వదిలేయకుండా పళ్ళెంలోకి మార్చండి, ఆ వేడికే ఇంకా ఉడుకుతుంది.

ఇక బంకగా ఉన్న ముద్దకు పాలపొడి కలపమంటారు. నాకది అస్సలు నచ్చదు. జీడిపప్పు రుచి పోయి పాలకోవా రుచి వస్తుంది. ముందు అయిదు నిమిషాలు ఆరనివ్వండి, సగం బంక అక్కడే పోతుంది. అప్పటికీ అంటుతుంటే మళ్ళీ పొయ్యి మీద ఒకటి రెండు నిమిషాలు తిప్పండి.

పిసికేటప్పుడు అరచేతికి నెయ్యి రాసుకుంటే చాలు. ముద్ద పైన గీతలు పోయి నున్నగా అయ్యాక ఆపేయండి. ఇంకా పిసికితే నూనె బయటికొచ్చి చేతులు తడిగా మెరుస్తాయి, ముద్ద విడిపోతుంది. వెచ్చగా ఉండగానే రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో వత్తేయండి. ముక్కలు కోయడం మాత్రం పూర్తిగా చల్లారాకే.