చివరి మెయిల్ రాసే ముందు

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

బాబూ, నీ కథ అందింది. భువనేశ్వర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసు, పండక్కి రాత్రి బస్సెక్కి ఊరొచ్చే మన కుర్రాళ్లు, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో ఇంగ్లిషు. అంతవరకు బాగుంది. తొమ్మిదో పేజీలో నీ టీమ్ లీడ్ ఉద్యోగం మానేస్తూ తన వాళ్లకు రాసిన మెయిల్ దగ్గర ఒళ్లు మండింది. "ఈ మధురమైన ప్రయాణంలో నాకు తోడు నిలిచిన మీ అందరి అంకితభావానికి కృతజ్ఞతలు. మీరు నా టీమ్ కాదు, నా కుటుంబం. దూరమైనా మీ జ్ఞాపకాలు..." ఆ తర్వాతిది పళ్లు బిగబట్టి చదివాను.

నేను ఇలాంటివి కూలికి దిద్దినవాణ్ణి. కథలు అచ్చయ్యేవి కావు, అచ్చయినా డబ్బు వచ్చేది కాదు. బరంపురంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు చూసేవాణ్ణి. సన్మాన పత్రం అచ్చు అక్కడ ఎప్పుడూ కట్టి సిద్ధంగా ఉండేది. రిటైరయ్యేది హెడ్మాస్టరైనా ఇంజనీరైనా పేరు, పదవి, తేదీ మార్చేవాళ్లం. "స్నేహశీలి, మృదుభాషి, కార్యదక్షుడు" మాత్రం కదిలేవి కావు. కింది వాళ్ల మీద కాగితాలు విసిరేసిన ఆఫీసరు కూడా ఫ్రేములో మృదుభాషే.

అదే ప్రెస్సులో కంపోజింగ్ ఫోర్‌మన్ పని మానేసిన రోజున నిలబడి చెప్పింది ఇంత: "స్కూలు పుస్తకాల పనప్పుడు రాత్రంతా అచ్చు విప్పి సీసం అక్షరాలు గళ్లలో వేసింది ఈ కుర్రాడు. ఓవర్‌టైం రిజిస్టర్లో వాడి పేరు ఎక్కలేదు. అడిగాను, ఇవ్వలేదు. నేను పోయాక ఎవరూ అడగరు కాబట్టి అందరి ముందూ చెబుతున్నా." యజమాని మొహం మాడింది. డబ్బులు ఇచ్చాడో లేదో నాకు తెలియదు. మిగతా కంపోజిటర్లు మాత్రం ఆ రోజే మొదటిసారి ఆయన మాట చెవి పెట్టి విన్నారు.

నా వాదం ఇక్కడుంది. టీమ్ లీడ్ పైవాళ్లకూ కిందవాళ్లకూ మధ్య కూర్చుంటాడు. పని ఎవరు చేశారో, పైన ఎవరి పేరు చెప్పారో రెండూ తెలిసినవాడు అతనొక్కడే. వెళ్లిపోయేటప్పుడు అతని దగ్గర టీముకు పనికొచ్చే సరుకు అదే. అది దాచుకుని కృతజ్ఞతలు చెబితే ఎంత ఏడ్చి రాసినా అప్పజెప్పిన పాఠంలాగే వినిపిస్తుంది. అది ఇచ్చేస్తే భాష ముతగ్గా ఉన్నా నమ్ముతారు.

నీ కథలో ఆ సరుకు ఉంది. నాలుగో పేజీలో నువ్వే రాశావు. మార్చి నెలాఖరు బిల్లుల్లో పైసలు తేడా వస్తాయి. ప్రతి వస్తువు మీద పన్నును విడివిడిగా సరిచేసి కూడితే ఒక మొత్తం, బిల్లు మొత్తం మీద లెక్కిస్తే ఇంకో మొత్తం. ఈ సంగతి పట్టింది కొత్తగా చేరిన అమ్మాయి. మర్నాడు క్లయింటు కాల్‌లో వివరించింది టీమ్ లీడ్, మెప్పు కూడా అతనికే. మళ్లీ తొమ్మిదో పేజీలో అదే అమ్మాయికి "అంకితభావం" అని ఒక మాట పారేశాడు. మెయిల్ చదివి ఆ అమ్మాయి కళ్లు చెమర్చాయని ముగించావు. ఈ కళ్లు చెమర్చే ముగింపుల ఫ్యాషన్ ఎప్పుడు పోతుందో! నిజానికి ఆ అమ్మాయి మెయిల్ మూసేసి టీకి వెళ్లిపోతుంది.

నేనైతే ఇలా రాయిస్తాను:

"శుక్రవారం నా ఆఖరి రోజు. మార్చి బిల్లుల్లో తేడా పట్టింది నేనని క్లయింటు అనుకుంటున్నారు. పట్టింది మన కొత్తమ్మాయి. ఆ రోజు కాల్‌లో ఆమె పేరు నేను చెప్పలేదు. నిన్న వాళ్లకు రాశాను, ఆమెకు కాపీ పెట్టాను. ఆ వారం రెండు రాత్రులు ఆఫీసులో ఉన్నవాళ్లకు బదులు సెలవు ఇప్పిస్తానన్నాను, ఇంకా రాలేదు. ఆ విషయం కొత్త లీడ్‌కు అప్పగింతల కాగితంలో రాసిచ్చాను, మేనేజరుకు కూడా చెప్పాను. ఎవరికైనా సిఫారసు ఉత్తరం కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి, రాసిస్తాను. పని సంగతులు మాత్రం కొత్త లీడ్‌నే అడగండి."

ఇందులో ప్రేమ అన్న మాట లేదు చూడు. క్లయింటుకు నిన్ననే రాశానన్న వాక్యం తీసేస్తే మాత్రం ఇదీ నాటకమే. ముందు పని, తర్వాత మాట. సెలవు గురించి మేనేజరుతో మాట్లాడకుండా మెయిల్లో జాలి పడితే టీముకు ఇట్టే తెలిసిపోతుంది.

అన్నీ చెప్పేయమనడం లేదు. నీ కథలో ప్రమోషన్ రాని కుర్రాడున్నాడు. అతని రేటింగ్, పై మీటింగులో అతని మీద ఎవరేమన్నారు, ఇవి అందరి మెయిల్లో పెడితే నిజాయితీ కాదు, వాడి పరువు తీయడం. వాణ్ణి పక్కకు పిలిచి, తను ఏం అడిగాడో, ఎక్కడ ఆగిపోయిందో, బయట పెట్టకూడనిది వదిలేసి చెప్పాలి. ఆ అమ్మాయిని కూడా ముందే అడగాలి. నలుగురిలో పేరు రావడం కొందరికి ఇబ్బంది.

టీములో ఏడుగురున్నారని తలా ఒక మంచి వాక్యం పంచాడు నీ లీడ్. అది హాజరు పట్టీ. ప్రతివాడూ తన పేరు వెతుక్కుని, పక్కవాడి వాక్యంతో పోల్చుకుంటాడు. అందరికీ తెలిసిన సంఘటన ఒకటో రెండో మెయిల్లో చాలు. మిగతావాళ్లకు విడిగా, వాళ్లకు మాత్రమే అర్థమయ్యే రెండు ముక్కలు రాయాలి.

"కొత్త సవాళ్ల కోసం వెళుతున్నాను" అన్నది కొట్టెయ్. జీతం ఎక్కువని వెళుతున్నాడని మూడో పేజీలో క్యాంటీన్ అంతా చెప్పుకున్నారు కదా. జీతమని రాయడం ఇష్టం లేకపోతే కారణమే ఎత్తొద్దు. ఎవరూ అడగరు.

ఇంకో పొరపాటు ఉంది. నీ లీడ్ టీముకు తానుగా సంగతి చెప్పిందే ఈ మెయిల్లో. నోటీసు పీరియడ్ రెండు మూడు నెలలుండే చోట అలా చేస్తే, దాచాడన్న మాటే మిగులుతుంది, మెయిల్ ఎంత బాగున్నా. మేనేజరుకు చెప్పాక, వేరే దారిన తెలిసేలోపు, టీముకు ఎదురుగా కూర్చుని చెప్పాలి. మెయిల్ కూడా ఆఖరి సాయంత్రం పంపించావు. ఆ రాత్రికి అతని ఆఫీసు మెయిల్ ఆపేస్తారు, జవాబులు ఎవరికీ చేరవు. ఒకరోజు ముందు పంపించు.

జవాబులు కావాలి, ఎందుకంటే మెయిల్ పండిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఏడుగురూ "ఆల్ ది బెస్ట్ సార్" అంటే పండలేదు. ఎవరో ఒకరు "సార్, ఆ రాత్రి లెక్క మళ్లీ సరిచూసింది నేను కాదు, మన ఒడియా అబ్బాయి" అని దిద్దితే పండింది. నీ కథకు ముగింపు ఆ జవాబే అయితే ఎలా ఉంటుందో చూడు.

ఇన్ని వివరాలు ఎందుకని ఎవరైనా ఎడిటర్ అంటాడు. నా కథలో పర్లాకిమిడి కోట దగ్గర టీకొట్టును ఒకాయన "ఒక పట్టణంలో ఒక టీకొట్టు" చేశాడు, సార్వజనీనత కోసమట. పర్లాకిమిడి అంటే ఆంధ్రాలో ఎవరికి తెలుసు అన్నాడు. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరండీ అన్నాను. ఆ కథ వెనక్కి తీసుకున్నాను.

తొమ్మిదో పేజీ నుంచి చివరిదాకా మళ్లీ రాసి పంపు. కథంతా పంపకు, ముందు పేజీలు నా దగ్గరున్నాయి. అక్షరం కాస్త పెద్దది పెట్టు, కళ్లు ఆనడం లేదు.