స్టాటిస్టిక్స్ చాప్టర్: ఏ టేబుల్ ఎటు వెళ్ళాలి?

"నా థీసిస్‌లో రెండు గ్రూపులు, 30 మంది చొప్పున. డిస్క్రిప్టివ్, ఇన్ఫరెన్షియల్ కలిపేశావని గైడ్ చాప్టర్ తిప్పి పంపారు. 22 టేబుల్స్ ఉన్నాయి, ఎలా విడదీయాలి?"

ప్రతి టేబుల్‌నీ ఒకే ప్రశ్న అడగండి: ఇది నా 60 మంది ఎలా ఉన్నారో చెబుతోందా, లేక వాళ్ళని బట్టి బయటి పేషెంట్ల గురించి ఏదైనా తేలుస్తోందా? మొదటిదైతే డిస్క్రిప్టివ్, రెండోదైతే ఇన్ఫరెన్షియల్. డిస్క్రిప్టివ్ భాగంలో వయసు, లింగం, బీఎమ్ఐ, షుగర్ వంటివన్నీ ఒకే పెద్ద టేబుల్‌లో, గ్రూపుకో కాలమ్‌గా పెడితే సగం టేబుల్స్ అక్కడే పోతాయి. రాండమైజ్ చేసిన స్టడీ అయితే ఆ టేబుల్‌లో పీ-వాల్యూ అక్కర్లేదు. అక్కడ కనిపించే తేడా ఎలాగూ యాదృచ్ఛికమే.

రెండో భాగాన్ని టెస్టుల పేర్లతో కాదు, మీ ఆబ్జెక్టివ్స్ వరుసలోనే రాయండి. ప్రైమరీ అవుట్‌కమ్ ముందు.

అసలు చిక్కు ఈ రెండు భాగాలు ఒకదానికొకటి పొసగకపోవడంతో వస్తుంది. ఉదాహరణకి, హాస్పిటల్‌లో ఉన్న రోజులు 6.2 ± 5.8 అని రాశారనుకోండి. సగటులోంచి రెండు ఎస్‌డీలు తీసేస్తే మైనస్ 5.4 రోజులు! అంటే డేటా ఒకవైపుకి సాగింది, ఎవరో ఇద్దరు ముగ్గురు నెల రోజులు ఉండిపోయి ఉంటారు. అప్పుడు మొదటి భాగంలో మీడియన్, ఐక్యూఆర్ ఇచ్చి, రెండో భాగంలో మాన్-విట్నీ వాడండి. ఇక్కడ మీన్, అక్కడ మాన్-విట్నీ ఉంటే ఎగ్జామినర్ వెంటనే పట్టుకుంటారు. నన్నూ వైవాలో అక్కడే పట్టుకున్నారు.

ఇన్ఫెక్షన్ లాంటి అవును-కాదు ఫలితాలకి ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ 5 కన్నా తగ్గితే కై-స్క్వేర్ బదులు ఫిషర్ టెస్ట్ చేయండి.