మాఘం కూడా ఆషాఢంలా మారినప్పుడు

ప్రశ్న: కొత్త టెక్నాలజీ పాత వ్యాపారాలను ముంచినా, మొత్తం మీద దేశం ఎదుగుతుంది అంటారు. ఇది నిజమేనా? మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా?

జరిగింది. చిక్కడపల్లిలో నాన్నకు ఫొటో రీళ్లు కడిగి ప్రింట్లు వేసే కలర్ ల్యాబ్ ఉండేది. 1996లో పెట్టారు, 2012లో మూశారు.

అందరూ డిజిటల్ కెమెరా వచ్చి ల్యాబులను చంపేసిందంటారు. అది తప్పు. డిజిటల్ వచ్చిన మొదటి నాలుగేళ్లూ మాకు గిరాకీ పెరిగింది. రీలుకి ముప్పై ఆరు ఫొటోలే కాబట్టి అప్పటిదాకా జనం ఆచితూచి తీసేవారు. మెమరీ కార్డు వచ్చాక ఒక్కో పెళ్లికి వందల ఫొటోలు తీసి, అన్నీ ప్రింటు వేయించుకునేవారు. నాన్న 2004లో ఏడేళ్ల అప్పు మీద డిజిటల్ ప్రింటింగ్ మెషిన్ కొన్నది ఆ ఊపులోనే. అది లేజర్ వెలుగుతో బొమ్మ వేసేది కానీ, కాగితమూ రసాయనాలూ పాత పద్ధతివే. మమ్మల్ని ముంచింది కెమెరా కాదు, చేతిలో ఫోను స్క్రీను. ఫొటో అక్కడే చూసుకోవడం అలవాటయ్యాక కాగితం ఎవరికి కావాలి?

మునుగుతున్నామని మాకు ముందు చెప్పింది లెక్కల పుస్తకం కాదు, డెవలపర్ ట్యాంకు, అంటే ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనం ఉండే తొట్టి. ఫిల్మ్ డెవలపర్‌ను 38 డిగ్రీల దగ్గర ఉంచాలి, రీలు అందులో 3 నిమిషాల 15 సెకన్లు ఉండాలి. రీలు వెళ్లిన కొద్దీ లెక్క ప్రకారం కొత్త రసాయనం చేరుతుంది. అంటే పని ఉన్నంతకాలమే ట్యాంకు తాజాగా ఉంటుంది. రీళ్లు తగ్గితే ఉన్నదే గాలి తగిలి నల్లబడి బలం పోతుంది. కాగితం డెవలపర్‌ది కూడా అదే కథ: రంగులు తేలిపోతాయి, తెల్లచీర శుభ్రమైన తెలుపుగా రాదు. ఏటా ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి ఈ బాధ ఒక నెల మాకు అలవాటే. శ్రావణం రాగానే అంతా సర్దుకునేది. 2009లో మాఘమాసం నడిమధ్యలో నాన్న నిండు ట్యాంకు పారబోయించారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. పని తగ్గితే నాణ్యత తగ్గుతుంది, నాణ్యత తగ్గితే ఉన్న నలుగురు ఫొటోగ్రాఫర్లూ ఇంకో ల్యాబుకి పోతారు. అందుకే ఇలాంటి వ్యాపారం మెల్లగా చిక్కిపోదు, ఒక్కసారిగా కూలుతుంది.

మెషిన్ మాత్రం చివరి రోజు వరకూ చక్కగా పనిచేసింది. దాన్ని ఇనుము ధరకు అమ్మాం. అప్పు కడుతుండగానే దాని విలువ పోయింది. వాయిదాల గడువు పెంచమని అడిగితే బ్యాంకులో వినిపించుకోలేదు, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. అప్పు తీరకముందే పాతబడే యంత్రానికి ఏడేళ్ల అప్పు ఇచ్చేటప్పుడు ఆ ప్రమాదంలో వాళ్లకూ వాటా ఉండాలి కదా!

కొత్తది వచ్చి పాతదాన్ని కూల్చడానికి ఆర్థికవేత్త షుంపీటర్ 1942లో సృజనాత్మక విధ్వంసం అని పేరు పెట్టాడు. అగియోన్, హోవిట్ అనే ఆర్థికవేత్తలు 1992లో దాన్ని లెక్కల్లో పెట్టారు, 2025లో నోబెల్ కూడా అందుకున్నారు. వాళ్లు చెప్పేది నాకు అర్థమైనంతలో ఇది: కొత్తది కనిపెట్టినవాడికి కొంతకాలమే లాభం, తర్వాతివాడు వాడి భుజం మీద నిలబడి వాడినే దించుతాడు. ఆ మెట్లు ఆగకపోతేనే ఎదుగుదల. నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే నాన్న కూడా ఒకరిని దించే పైకొచ్చారు. ఆయన గురువుగారు నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో ముఖంలోని ముడతలు సరిచేసేవారట. రంగుల ల్యాబులు వచ్చాక ఆయన స్టూడియోకి ఎవరూ వెళ్లలేదు. ఈ రోజు ఫోనున్న ప్రతి ఇంట్లోనూ బిడ్డ మొదటి అడుగు ఫొటో ఉంది. మా చిన్నప్పుడు ఎన్ని ఇళ్లలో ఉండేది?

కానీ లాభం కోట్ల మందికి తలా కాస్త అందింది, నష్టం కొందరి మీదే పడింది. మా ల్యాబులో ఫొటోషాప్ నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు ఆల్బమ్ డిజైన్‌తో మంచి సంపాదనలో ఉన్నాడు. మా దగ్గర ప్రింట్లు వేసే అన్నకు అప్పటికే నలభై ఎనిమిదేళ్లు. నెగెటివ్ చూడగానే ఏ రంగు ఎంత తగ్గించాలో ఆయన వేళ్లకు తెలుసు. ఆ విద్య ఇంకెక్కడా చెల్లలేదు. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటుకి సెక్యూరిటీగా చేరాడు. పాత దుకాణాలను కాపాడమని నేను అడగను, ట్యాంకును బలవంతంగా తాజాగా ఉంచలేం. ఆ అన్నకు రెండేళ్లు ఇల్లు గడిచేలా డబ్బూ, కొత్త పని నేర్పేవాళ్లూ ఉండాల్సింది.

మొన్న మా చెల్లి పెళ్లికి వచ్చాడు. స్టేజీ పక్కన పెట్టిన పెద్ద ఎల్‌ఈడీ తెరను కాసేపు చూసి, "మెజెంటా ఎక్కువైంది బాబూ, పెళ్లికూతురి ముఖం ఎర్రగా కొడుతోంది" అన్నాడు. ఆపరేటర్‌కి చెప్పి తగ్గించాం. ముఖం సరిగ్గా వచ్చింది.