డెంగీతో దవాఖానాలో ఉన్న మిత్రుణ్ణి పలకరించడం: సెలవు మీద హనుమకొండ వెళ్తున్న తమ్ముడికి

అమెరికా వచ్చాక మొదటిసారి సెలవు మీద ఇంటికి వెళ్తున్నానని, చిన్ననాటి మిత్రుడు డెంగీతో హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానాలో చేరాడని, విమానం దిగగానే చూడబోతున్నానని రాశారు. "నా గొంతు పెద్దది అక్కా, అక్కడ ఏదో ఒకటి అనేస్తానని భయంగా ఉంది. వాడితో, వాళ్ళ అమ్మానాన్నలతో, భార్యతో మెత్తగా ఎలా మాట్లాడాలి?" అని అడిగారు. మెత్తదనం గొంతులో ఎంత ఉండాలో, ఎదుటివాళ్ళు ఏ స్థితిలో ఉన్నారో తెలుసుకోవడంలో అంతకన్నా ఎక్కువ ఉండాలి. అందుకని ముందు ఆ జబ్బు నడిచే తీరు చెబుతాను. ఏ మాట అనాలో, ఏది అనకూడదో దాన్నిబట్టే తేలుతుంది.

డెంగీలో జ్వరం మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య తగ్గుతుంది. చూడటానికి వచ్చినవాళ్ళకు అది శుభవార్తలా కనిపిస్తుంది. కానీ డాక్టర్లు అసలు జాగ్రత్తపడేది అప్పటినుంచే. జ్వరం దిగిన తర్వాతి 24 నుంచి 48 గంటల్లో కొందరికి రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరుతుంది, బీపీ పడిపోతుంది. ఆ సమయంలో ఇంటివాళ్ళకు డాక్టర్ గారు "ఈ రెండు రోజులు కీలకం" అని చెప్పి ఉంటారు. మీరు వెళ్ళి నుదుటి మీద చేయి పెట్టి "ఒళ్ళు చల్లబడింది కదరా, ఇంకేం భయం, రేపు ఇంటికి వెళ్ళిపోవచ్చు" అన్నారనుకోండి. రోగికి ఆశ పుడుతుంది, మర్నాడు డిశ్చార్జి చేయకపోతే కుంగిపోతాడు. తల్లి "జ్వరం తగ్గింది కదా, ఇంకా ఎందుకు పెట్టుకున్నారు?" అని నర్సును నిలదీస్తుంది. అంతకన్నా "రెండు రోజులు దగ్గరుండి చూస్తామన్నారట కదా, మంచిది. నేను ఊళ్ళోనే ఉంటాను" అనండి. అందులో అబద్ధపు ధైర్యం లేదు, భయమూ లేదు.

వెళ్ళేముందు రోగికి ఫోను చేయకండి. డెంగీలో తలనొప్పి, కళ్ళ వెనక నొప్పి విపరీతంగా ఉంటాయి, ఫోను మోగడమే బాధ. అతని బావమరిదికో, తమ్ముడికో చేసి గదిలో ఉన్నాడా ఐసీయూలో ఉన్నాడా, ఎన్ని గంటలకు రానిస్తారు, ఏ వేళలో మెలకువగా ఉంటాడు అని కనుక్కోండి. ప్రయాణంలో మీకు జలుబో దగ్గో పట్టుకుంటే లోపలికి వెళ్ళకండి, బయట వాళ్ళ నాన్న పక్కన కూర్చుని వచ్చేయండి. డెంగీ మాత్రం గాలి వల్ల, ముట్టుకోవడం వల్ల రాదు, పగటిపూట కుట్టే దోమ వల్ల వస్తుంది. కనుక గుమ్మంలోనే నిలబడి, మంచం అంచు కూడా తగలకుండా మాట్లాడాల్సిన పని లేదు. ఇంటివాళ్ళు అలాంటివి వెంటనే గమనిస్తారు. "అమెరికా నుంచి వచ్చాడు, దగ్గరికి రావడానికి భయపడ్డాడు" అన్న మాట వాళ్ళింట్లో చాలాకాలం ఉండిపోతుంది. అయితే అతన్ని కుట్టిన దోమ మరొకరికి జబ్బు అంటించగలదు కాబట్టి తలుపు మాత్రం వెనక వేసి వెళ్ళండి.

మొదటి పలకరింపు గది బయటే జరుగుతుంది. వరండాలో కుర్చీలో వాళ్ళ నాన్న కూర్చుని ఉంటారు, ఒళ్ళో టిఫిన్ క్యారియర్ ఉంటుంది, రిపోర్టుల కవరు ఉంటుంది. ఆయన్ను మీరు ఇన్నాళ్ళూ బాపు అని పిలిచి ఉంటే ఇప్పుడూ బాపూ అనే పిలవండి. విదేశం వెళ్ళొచ్చాక అంకుల్‌గా మారిస్తే ఆ కష్టంలో ఆయన మరింత దూరమవుతారు. దండం పెట్టి, నిలబడి కాకుండా పక్కన కూర్చుని మాట్లాడండి. "అసలేమైంది? ఎలా మొదలైంది?" అని అడగవద్దు. పరకాల నుంచి, నర్సంపేట నుంచి, జనగామ నుంచి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆయన ఆ కథ మొదటి జ్వరం నుంచి చెప్పుకుంటూ వచ్చారు. "బాపూ, దిగగానే వచ్చాను. మీరు ఏమన్నా తిన్నారా? రాత్రి ఇక్కడ ఎవరు ఉంటున్నారు?" అంటే చాలు. రాత్రి ఉండేవాళ్ళ ప్రశ్నకు వచ్చే జవాబులోనే మీరు చేయగల సాయం ఉంటుంది.

వాళ్ళ అమ్మ మిమ్మల్ని చూడగానే ఏడవవచ్చు. "ఏడవకమ్మా, వాడికేం కాదు" అని తొందరపడి అనకండి, చేయి పట్టుకుని కాసేపు ఊరుకోండి. ఏడుపు ఆగాక "కాసేపైనా పడుకున్నావా అమ్మా?" అని అడగండి. అతని భార్యను వదినా అంటారో, చెల్లె అంటారో, ఎప్పుడూ అనే పిలుపుతోనే పలకరించి "పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు?" అని ఒక్క మాట అడగండి. ఆమెకు అందరూ జాగ్రత్తలు చెబుతారు, ఆమె సంగతి అడిగేవాళ్ళు తక్కువ.

గదిలోకి వెళ్ళాక మంచం పక్కన నిలబడి పైనుంచి మాట్లాడకండి. సెలైన్ ఎక్కే చేతికి అవతలి వైపు కుర్చీ లాక్కుని, మీ ముఖం అతని ముఖానికి సమానంగా వచ్చేలా కూర్చోండి. అంత దగ్గరగా కూర్చుంటే గొంతు దానంతటదే దిగుతుంది. అదే జనరల్ వార్డు అయితే మరీ ముఖ్యం, పక్క మంచం మీద కూడా ఒకరు నొప్పితో ఉంటారు. "ఏరా, నేను వచ్చాను. నువ్వేం మాట్లాడకు, కళ్ళు మూసుకునే ఉండు" అనండి. అతను మాట్లాడాలనుకుంటే తనే మొదలుపెడతాడు. భుజం మీద చరచడం, చేయి పట్టి ఊపడం వద్దు, ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. "ఎంత చిక్కిపోయావు", "ఒంటి నిండా ఈ ఎర్రటి మచ్చలేమిటి" అన్న మాటలు మనసులోనే ఉంచుకోండి. పది నిమిషాల్లో లేవండి.

ఇక అసలు చిక్కు ప్లేట్‌లెట్ల దగ్గర వస్తుంది. మన దగ్గర డెంగీ రోగిని చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని ఉన్నాయి?" అనే. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. మీ మిత్రుడికి నిన్న ఉదయం 48,000, సాయంత్రం 31,000, ఇవాళ పొద్దున 24,000 వచ్చాయనుకుందాం. వాళ్ళ నాన్న ఆ అంకెలు చీటీ మీద రాసుకుని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. మీరు మంచం పక్కనే "అయ్యో, ఇరవై నాలుగు వేలేనా!" అంటే, కళ్ళు మూసుకున్న రోగి విననే వింటాడు. నిజానికి ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. బీపీ, మూత్రం ఎంత వస్తోంది, రక్తం ఎంత చిక్కబడింది అన్నవాటిని డాక్టర్లు అంతకన్నా జాగ్రత్తగా చూస్తారు. రక్తస్రావం లేనప్పుడు సంఖ్య 10,000 కంటే కిందికి పడితే తప్ప సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. కీలకమైన రోజులు దాటాక అవి వాటంతటవే పెరగడం మొదలవుతుంది. ఈ సంగతి మీరు పాఠంలా చెప్పకండి. చీటీ చూసి, ముఖం మారకుండా, "డాక్టర్ గారు ఏమన్నారు బాపూ?" అని అడగండి. ఆయన డాక్టర్ మాట తిరిగి చెబుతున్నప్పుడు ఆయనకే అది మళ్ళీ గుర్తొస్తుంది. రక్తదాతల కోసం ఫోనులో సందేశాలు పంపడం కూడా దవాఖానావాళ్ళు అడిగాకే మొదలుపెట్టండి. ముందే మొదలుపెడితే ఊరంతా రోగి ప్రాణం మీదికి వచ్చిందనుకుంటుంది.

మీరు ముఖ్యంగా మింగేయాల్సిన మాట ఇంకొకటి ఉంది: "హైదరాబాద్ తీసుకెళ్ళాల్సింది." వరంగల్‌లో ఎవరు మంచాన పడ్డా ఈ మాట వినిపిస్తుంది, డాలర్లలో జీతం తీసుకునే మనిషి నోటి నుంచి వస్తే మరీ గుచ్చుకుంటుంది. కొడుకు కోసం ఖర్చుకు వెనకాడారన్న నింద ఆ తండ్రి మీద పడినట్టే అవుతుంది. పైగా కీలక దశలో సెలైన్ మీద ఉన్న రోగిని దాదాపు 150 కిలోమీటర్లు కదిలించాలా వద్దా అన్నది చూస్తున్న డాక్టర్ తేల్చాల్సిన విషయం. "అమెరికాలో అయితే ఇలా చేస్తారు" అన్నదీ ఈ కోవలోదే. నిజంగా మీకు అనుమానం ఉంటే, రోగి లేనిచోట బావమరిదితో "ఐసీయూ అవసరమైతే ఇక్కడ ఉందా, అడిగారా?" అని మెల్లగా అనండి.

చేతిలో ఏం పట్టుకెళ్ళాలి? రక్తం పడుతుందని అందరూ దానిమ్మ పండ్లు, బీట్‌రూట్ రసం తెస్తారు. డెంగీ రోగికి ఎర్రటివి పెట్టకపోవడమే మంచిది. వాంతి అయితే అందులో ఉన్నది రక్తమో రసమో తెలియక అందరూ హడలిపోతారు, లేదా నిజంగా రక్తం పడినా రసమే అనుకుంటారు. ఇప్పటికే ఎవరైనా తెచ్చి ఉంటే అమ్మతో "ఇది పిల్లలకు ఇద్దామమ్మా, వీడికి కొబ్బరినీళ్ళు ఇవ్వొచ్చేమో సిస్టర్‌ను అడుగుదాం" అనండి. బొప్పాయి ఆకు రసం పట్టిస్తుంటే వాదించకండి, "డాక్టర్ గారికి చెప్పారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. మీ పెట్టెలో అమెరికా నొప్పి మాత్రల డబ్బా ఉంటుంది కదా, మిత్రుడు ఒళ్ళు నొప్పులంటే జాలిపడి అది మాత్రం తీయకండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. అక్కడ డాక్టర్ రాసిన పారాసెటమాల్ తప్ప మరేదీ వద్దు.

డబ్బు ఇవ్వాలనుకుంటే చుట్టాల ముందు, రోగి ముందు ఇవ్వకండి. మందుల దుకాణం వైపు బావమరిదితో కలిసి నడుస్తూ కవరు ఆయన చేతిలో పెట్టండి. అంతకన్నా, ప్రయాణపు అలసట తీరాక ఒక రాత్రి కాపలా మీరు తీసుకుంటే వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళి నిద్రపోతారు.

కాపలా ఉన్నప్పుడు ఈ గుర్తులు చూసుకోండి: కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మలం నల్లగా రావడం, చేతులు కాళ్ళు చల్లబడటం, ఒక్కసారిగా మగత లేదా అశాంతి. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. తల్లి పక్కనే పడుకుని ఉంటే గదిలోంచి కేకలు వేయకుండా బయటికి వెళ్ళి, "సిస్టర్, ఇప్పుడే రండి, కడుపునొప్పి అంటున్నాడు, మగతగా ఉన్నాడు" అని స్పష్టంగా చెప్పండి. ఆ మాటలో మొహమాటం వద్దు. మర్యాద కోసం నెమ్మదిగా చెబితే రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళు దాన్ని తేలికగా తీసుకునే అవకాశం ఉంది.

వెళ్ళేటప్పుడు అందరికీ "వెళ్ళొస్తాను" చెప్పి, మర్నాడు వస్తారో రారో కూడా చెప్పండి. వస్తానని రాకపోతే అమ్మ ఎదురు చూస్తుంది. మీరు తిరిగి అమెరికా చేరేసరికి అతను ఇంట్లోనే ఉంటాడు, కానీ నీరసం కొన్ని వారాల దాకా వదలదు. ఫోను చేసినప్పుడు "ఇంకా ఆఫీసుకు వెళ్ళడం లేదా?" అనకండి. మీ ఉదయం వాళ్ళకు రాత్రి, అన్నాలయ్యే వేళ చూసుకుని చేసి, "ఇవాళ ఎంత తిన్నావు?" అని అడగండి.